ఆదివారం సెలవు పెట్టే ప్రేక్షకులు

డిస్‌ప్లే అక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే బతికి ఉంది. బజారు కాంప్లెక్సు సెల్లారులో, రోడ్డు మీదికి వెళ్ళే మెట్ల కింద, నిటారుగా లేస్తే నెత్తికి బొప్పి కట్టేంత జాగాలో ఆవిడ బెంచీ. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని పగిలిన ఫోన్లకి డిస్‌ప్లేలు మారుస్తోంది, ఉబ్బిన బ్యాటరీలు తీసి కొత్తవి వేస్తోంది. మెట్ల మీద దిగే చెప్పుల చప్పుడుని బట్టి వచ్చేది బేరమా, అప్పా, ఊరికే కబుర్లా అన్నది చెప్పేస్తుంది.

నోరు మాత్రం పదును. "ఏమీ చెయ్యలేదక్కా, దానంతట అదే పగిలింది" అని ఎవరైనా అంటే, "అవును పాపం, నడుస్తూ నడుస్తూ కాలు జారి ఉంటుంది" అంటుంది. నీళ్ళలో పడ్డ ఫోను తెచ్చి, "కొంచెం తడి తగిలింది" అంటే, దాన్ని వంచి అందులోంచి కారే నీళ్ళు చూపించి, "తీసుకెళ్ళి మొక్కకి పొయ్యి" అంటుంది. అయినా జనం ఆవిడ దగ్గరికే వస్తారు. ఎందుకంటే ఆవిడకో నియమం ఉంది. ఏ ఫోనూ పరీక్ష కాకుండా బెంచీ దిగదు. బ్యాటరీ మారిస్తే నిండా చార్జి పెట్టి, గోడకున్న చెక్క అరలో నిలబెట్టి, ఏదో ఒక వీడియో నడిపిస్తూ వదిలేస్తుంది. అది ఎప్పటికి నీరసిస్తుందో చూస్తుంది. డిస్‌ప్లే మారిస్తే వేలితో మూలమూలా నొక్కి, ఎక్కడైనా మొద్దుబారిందేమో చూస్తుంది. ఈ అలవాటే ఆవిడకి పేరు తెచ్చింది. ఆ తర్వాత కొంప ముంచబోయింది కూడా ఇదే.

యూట్యూబ్‌లో ఛానెల్ పెట్టమని ఎక్కించింది కవర్ల తమ్ముడు. అక్క బెంచీకి ఎదురుగా, దారికి అవతల, ఫోను కవర్లు, అద్దాలకి అతికించే గ్లాసులు అమ్ముకునే మనిషి. సొంత తమ్ముడు కాదు, కానీ సొంత తమ్ముడికన్నా ఎక్కువగా విసిగిస్తాడు. అతను చెప్పిందే తడవుగా అక్క ఒక పాత ఫోనుని బెంచీ మీది దీపం కమ్మీకి రబ్బరు బ్యాండుతో కట్టి, తన చేతుల్ని, కింద ఉన్న పనిని వీడియో తియ్యడం మొదలుపెట్టింది. ముఖం కనపడదు. రెండు చేతులు, నాలుగు గాజులు, ఒక స్క్రూడ్రైవరు. కత్తిరించడం, అతికించడం రాదు కాబట్టి డిస్‌ప్లే మార్చే పని మొత్తాన్ని గంటన్నర వీడియోగా అలాగే పెట్టేసింది. దాని వెనకాల కవర్ల తమ్ముడి బేరాలు కూడా గంటన్నర వినపడతాయి.

ఆ గంటన్నరని ఎవరూ పట్టించుకోలేదు. కానీ చార్జింగు రంధ్రంలోంచి చెక్కపుల్లతో మెల్లగా పీచు లాగే అర నిమిషం వీడియో ఒకటి పెడితే, దాన్ని మూడు లక్షల మంది చూశారు. ఒకరి ఫోను రంధ్రంలో చెత్త తీస్తుంటే మూడు లక్షల మంది గుడ్లప్పగించి చూశారంటే లోకం ఎంత తీరికగా ఉందో చూడండి. సబ్‌స్క్రైబర్లు ఏడు వందలు దాటారు. అక్క కాళ్ళు నేల మీద ఆనలేదు.

"మూడు లక్షల మందికి మనిషికో పైసా అనుకున్నా," అని ఇంట్లో భర్తతో మొదలుపెట్టి, అన్నం పూర్తయ్యేసరికి ఇల్లు కట్టేసి, మేడ మీద ఏ రంగు వెయ్యాలో కూడా తేల్చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. భర్త బస్సు కండక్టరు. చిల్లర చేతిలో పడేదాకా టిక్కెట్టు చింపని మనిషి. "ముందు వాళ్ళు ఇస్తామన్నారా?" అని మాత్రం అడిగి పడుకున్నాడు.

ఆ ప్రశ్న గుచ్చుకుని, మర్నాడు బెంచీ దగ్గర అక్క తన ఛానెల్ పేజీలో డబ్బుల సంగతి రాసి ఉన్నచోటు వెతికి చదివింది. ప్రకటనల డబ్బులో వాటా కావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలట. దాంతోపాటు గడిచిన పన్నెండు నెలల్లో జనం నాలుగు వేల గంటలు చూసి ఉండాలి. అదీ అందరికీ కనపడేలా పెట్టిన మామూలు వీడియోలనే. బొటనవేలితో పైకి తోసుకుంటూ చూసే ఆ పొట్టి వీడియోల గంటలు ఈ లెక్కలోకి రావు. వాటి దారి వేరు: తొంభై రోజుల్లో కోటి సార్లు చూడాలి. ఇంకా కింద మెట్టు కూడా ఒకటుంది కానీ, అక్కడ అభిమానులు దయతలచి ఇచ్చుకుంటే తీసుకోవడమే, ప్రకటనల వాటా లేదు.

మూడు లక్షలెక్కడ, కోటి ఎక్కడ. ఇక మిగిలింది గంటల దారి. ఇన్నాళ్ళ గంటలు చూస్తే రెండు వందలు కూడా లేవు. అక్క నిట్టూర్చి తలెత్తింది. ఎదురుగా చెక్క అరలో తొమ్మిది ఫోన్లు వరసగా నిలబడి, బ్యాటరీ పరీక్షలో భాగంగా ఎవరిదో పాటల వీడియో పొద్దుట్నుంచి చూస్తున్నాయి.

అంతే. ఎవరిదో వీడియో ఎందుకు పెట్టాలి?

ఆ క్షణం నుంచి అరలోని ప్రతి ఫోనులోనూ అక్క గంటన్నర వీడియో తిరగడం మొదలైంది. షట్టరు ఎత్తగానే మొదలు, షట్టరు దించేదాకా. యజమానులు తీసుకెళ్ళకుండా వదిలేసిన పాత ఫోన్లని కూడా డ్రాయరులోంచి తీసి బతికించింది. అంతటితో ఆగితే అక్క ఎందుకవుతుంది? డిస్‌ప్లే మార్చాక వేలితో నొక్కి చూడాలి కదా. ఏదో ఒకటి నొక్కే బదులు తన ఛానెల్ తెరిచి సబ్‌స్క్రైబ్ బటను నొక్కేది. మూల పనిచేస్తోందో లేదో చూడ్డానికి పక్కనున్న గంట బొమ్మ కూడా నొక్కేది. ఫోను వాళ్ళది, ఖాతా వాళ్ళది, వేలు మాత్రం అక్కది. అడిగి నొక్కాలన్న ఆలోచన ఆవిడకి రాలేదంటే నేను నమ్మను. వచ్చే ఉంటుంది, పక్కకి జరగమని ఉంటుంది.

గంటలు బియ్యం బస్తా చిరిగినట్టు పోగుపడ్డాయి. వెయ్యి, రెండు వేలు, మూడు వేలు. రెండు నెలలు తిరక్కుండానే నాలుగు వేలకి దగ్గరపడ్డాయి. సబ్‌స్క్రైబర్లు వెయ్యికి ఇరవై తక్కువ. వాపుని చూసి బలుపనుకోవడం అంటే ఇదే. అయితే వాచింది తన చేత్తో తానే కొట్టుకున్నచోట అన్నది అక్క మర్చిపోయింది.

మర్చిపోయి ఊరుకుందా? కాంప్లెక్సు మేనేజరు దగ్గరికి వెళ్ళి, వచ్చే ఒకటో తారీకు నుంచి బెంచీ ఖాళీ చేస్తున్నానని చెప్పేసింది. మెట్ల కింద జాగా కోసం ఏళ్ళుగా నాలిక చాచుకుని ఉన్న కవర్ల తమ్ముడు సాయంత్రానికల్లా టేపు పట్టుకుని వచ్చి కొలతలు తీసుకున్నాడు.

"ఇక్కడైతే దిగేవాడి కంట్లో పడతానక్కా," అన్నాడు. "గోడకి మొత్తం కవర్లే వేలాడదీస్తా."

"వేలాడదియ్యి నాయనా. నేనిక ఇంట్లో స్టూడియో పెట్టుకుంటా," అంది అక్క. ఆ మాట అంటుంటే అరచెయ్యి బెంచీ చెక్క మీద అరిగిపోయి నున్నబడ్డ చోటుకి వెళ్ళింది. వెంటనే తీసేసుకుంది.

ఆ వారంలోనే రిటైర్డు మాస్టారు మెట్లు దిగి వచ్చారు. నెల క్రితం డిస్‌ప్లే వేయించుకున్న మనిషి.

"అమ్మాయ్, నా ఫోనుకి ఏం చేశావు?" అన్నారు.

"ఏమైంది మాస్టారూ? వేలు పెడితే పలకడం లేదా?"

"పలుకుతోంది, అదే గొడవ. తెరిస్తే చాలు గాజుల చెయ్యి. గంట మోగితే గాజుల చెయ్యి. ఈ వయసులో ఆ చెయ్యి ఎవరిదని మా ఆవిడ అడుగుతోంది. నేనేమని చెప్పను?"

కవర్ల తమ్ముడు అవతలి నుంచి పగలబడి నవ్వాడు. అక్క ఫోను తీసుకుని సబ్‌స్క్రైబ్ తీసేసింది. "సెట్టింగు కొంచెం జరిగింది మాస్టారూ, సరిచేశా," అంది. ఆయన వెళ్ళాక లెక్క చూసుకుంటే వెయ్యికి ఇరవై ఒకటి తక్కువ. ఆయన అమాయకంగా థ్యాంక్స్ చెప్పి వెళ్ళడం మాత్రం అక్కని గుచ్చుతూనే ఉంది.

అయినా ఆ వారాంతానికి వెయ్యీ నిండింది. గంటలు నాలుగు వేలు దాటాయి. నెలాఖరుకి ఇంకా పది రోజులున్నా అక్క షట్టరు దించేసి, సామానంతా ఇంటికి చేర్చి, భోజనాల బల్ల మీద స్టూడియో పెట్టింది. కండక్టరుగారు వారం రోజులు కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నాడు. ఆ వారమంతా అక్క కొత్త వీడియోకి దీపం ఏ మూల పెట్టాలో తేల్చుకోలేకపోయింది.

ఆ వారం చివర్లో ఆడపడుచు వచ్చింది. బాల్కనీ కుండీల్లో మొక్కలు పెంచడం మీద వీడియోలు చేసే పిల్ల. నాలుగేళ్ళుగా చేస్తోంది. అక్క ఆవిణ్ణి చిట్టీ అంటుంది.

"చిట్టీ, నాకూ ప్రకటనల డబ్బుకి దరఖాస్తు బటను వెలిగింది," అంది అక్క, కాఫీ కూడా ఇవ్వకుండా. "నెలకి ఎంతొస్తుందో నిజం చెప్పు. నీ దగ్గర గుంజుకోనులే."

"నిజం చెబితే నమ్మవు వదినా."

"చెప్పు."

"నాకు మొదటి డబ్బు బ్యాంకులో పడటానికి, అనుమతి వచ్చాక కూడా ఎనిమిది నెలలు పట్టింది. ఖాతాలో వంద డాలర్లు నిండితేగానీ పంపరు. ఈలోపు పది డాలర్లు చేరగానే మన చిరునామా నిజమా కాదా అని ఒక కోడు ఉత్తరంలో పంపుతారు, అది పోస్టులో వచ్చేదాకా నేను గుమ్మంలోనే కూర్చున్నా. ఆ నెల వచ్చిన డబ్బు కుండీల్లో మట్టికి సరిపోయింది. ఎరువు మా ఆయన కొన్నాడు."

అక్క నవ్వబోయి ఆగింది. "నీ వీడియోలు వేలమంది చూస్తారు కదే."

"చూస్తారు. ప్రకటనలకి వచ్చినదాంట్లో సగానికి కాస్త పైన మనకిస్తారు. చూసిన ప్రతివాడికీ ప్రకటన రాదు, వచ్చినా దాటేస్తారు. నాకైతే వెయ్యి సార్లు చూస్తే డాలరు రావడం కూడా గొప్పే. ఇంకొకరికి ఎక్కువ రావచ్చు. ఏ భాష, ఏ దేశం, ఏ విషయం అన్నదాన్ని బట్టి మారుతుంది. కానీ కొత్త ఛానెల్‌తో ఇల్లు గడుస్తుందని ఎవరైనా చెబితే, ముందు వాళ్ళ ఇల్లు దేంతో గడుస్తోందో అడుగు. ఏదీ, నీ వీడియోలు ఏ రోజు ఎంత చూశారో ఆ గ్రాఫు చూపించు."

అక్క గర్వంగా చూపించింది. చిట్టి చూసింది. ముందుకి జరిపి చూసింది, వెనక్కి జరిపి చూసింది. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే ఆ నవ్వు?"

"వదినా, నీ ప్రేక్షకులు ఆదివారం సెలవు పెడతారా?"

అక్క వంగి చూసింది. గీత సోమవారం నిచ్చెనెక్కినట్టు ఎక్కుతోంది, శనివారం దాకా మేడ మీద ఉంటోంది, ఆదివారం ధబాలున నేల మీద పడుతోంది. మళ్ళీ సోమవారం లేస్తోంది. బజారుకి ఆదివారం సెలవు.

"పైగా పొద్దున్నే పదింటికి అందరూ ఒక్కసారి వస్తారు, చీకటి పడగానే అందరూ ఒక్కసారి వెళ్ళిపోతారు," అంది చిట్టి. "వచ్చినవాడు గంటన్నర వీడియో కళ్ళు ఆర్పకుండా మొత్తం చూస్తాడు, మళ్ళీ మొదట్నుంచి చూస్తాడు. ఇంత భక్తి నాకెక్కడా కనపళ్ళేదు. ఇదిగో, ఈ వారమంతా వాళ్ళకి ఆదివారమే. మా అన్నయ్య కంచం ఒళ్ళో పెట్టుకున్న రోజు నుంచీ."

అక్క చెక్క అర సంగతి, వేలి సంగతి మొత్తం చెప్పింది. చెబుతుంటే తనకే సిగ్గేసింది. చిట్టి ఈసారి నవ్వలేదు.

"అవి చెల్లవు వదినా. నిజంగా చూసిన గంటలే లెక్క. దొంగ గంటలని తెలిస్తే తీసేస్తారు. పోనీ తియ్యకముందే బటను నొక్కావనుకో, ఛానెల్ మొత్తం పరిశీలించి గానీ ఒప్పుకోరు. నెల దాకా పట్టొచ్చు. ఒకవేళ కళ్ళుగప్పి లోపలికి వెళ్ళినా, రేపు ప్రకటనలు కూడా అరలో ఫోన్లే చూశాయని తేలితే డబ్బు ఆపేస్తారు, ఖాతా కూడా మూసేస్తారు. నువ్వే చెప్పు, నకిలీ బ్యాటరీ తెచ్చి అసలుదని ఇస్తే నువ్వు ఊరుకుంటావా?"

అక్క ఆ మాటకి దెబ్బతింది. నకిలీ బ్యాటరీలంటే ఆవిడకి మంట. పైన అంకె ఘనంగా రాసి ఉంటుంది, లోపల సగం కూడా ఉండదు. అలాంటివి తెచ్చినవాణ్ణి మెట్లు ఎక్కేదాకా తిట్టిన మనిషి. ఇప్పుడు తన ఛానెల్ పైన ఉన్న అంకె కూడా అంతేనని అర్థమైంది. బటను మీదికి వెళ్ళిన వేలు వెనక్కొచ్చింది.

నొక్కనందుకు బహుమతేమీ రాలేదు. మూడోరోజుకి గంటలు నాలుగు వేల నుంచి మూడు వందలకి పడిపోయాయి. సబ్‌స్క్రైబర్లలో కూడా కొందరు రాలిపోయారు, మాస్టారులాంటి వాళ్ళు ఇంట్లో ఎవరో అడిగితే తీసేసి ఉంటారు. బటను ఆరిపోయింది.

డబ్బు పోయినందుకు అక్క బాధపడలేదు, రాని డబ్బు పోయేదేముంది. ఆవిడ గుండెల్లో రాయి పడింది బెంచీ గురించి. ఒకటో తారీకు దగ్గరికొచ్చేసింది. తన నోటితో తానే ఇచ్చేసిన చోటు. ఇప్పుడు వెళ్ళి "తమ్ముడూ, నా జాగా నాకిచ్చెయ్యి" అనాలి, అంతకుముందు నాలుగు వేల గంటలు ఎక్కడికి పోయాయో చెప్పాలి. కాంప్లెక్సు మొత్తం ఏడాది పాటు నవ్వుకుంటుంది. ఆ జాగా లేకపోతే తను ఎవరు? ఇంట్లో కూర్చున్న ఈ వారంలో ఒక్కరు కూడా "అక్కా" అని పిలవలేదు. ఆ రోజు ఆవిడ కళ్ళు తుడుచుకున్నది నిజం. ఉల్లిపాయ అని చెప్పింది, వంటింట్లో ఉల్లిపాయ లేదు.

ఏమి చెప్పాలో కూడబలుక్కుంటూ మర్నాడు కాంప్లెక్సుకి వెళ్ళింది. మెట్ల దగ్గర అడుగు పెట్టిందో లేదో కవర్ల తమ్ముడు ఎదురొచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, నీతో ఒక మాట," అన్నాడు. "నువ్వు వెళ్ళిన రోజు నుంచి కవర్లు కదల్లేదు."

"అదేంటి?"

"నీ దగ్గర ఫోను ఇచ్చి, అయ్యేదాకా నిలబడలేక నా దగ్గరికొచ్చి కవరు కొనేవాళ్ళు. కొత్త డిస్‌ప్లే వేయించుకున్నవాడు భయపడి గ్లాసు అతికించుకునేవాడు. ఇప్పుడు వచ్చి, నీ షట్టరు చూసి, నా మొహం కూడా చూడకుండా తిరిగి వెళ్ళిపోతున్నారు. మెట్ల కిందికి నేనొచ్చి ఏం చేసుకోను? నువ్వుంటేనే అది జాగా, లేకపోతే మూల. నీ ఛానెల్ పని ఇంట్లో చేసుకో, పొద్దునపూట మాత్రం ఇక్కడ కూర్చో. నేను మేనేజరుతో మాట్లాడతా."

అక్క గుండె గంతులేసింది. ముఖం మాత్రం బిగించుకుంది. పడవ దానంతట అదే ఒడ్డుకొస్తుంటే తెడ్డు వెయ్యడం ఎందుకు?

"కష్టం నాయనా," అంది. "స్టూడియో పెట్టుకున్నా."

"బతిమాలుకుంటా అక్కా."

"మెట్లు కడుగుతూ నా నెత్తిన బకెట్టు నీళ్ళు ఒంపే అమ్మాయితో నేను గొడవపడను, నువ్వే చెప్పుకోవాలి."

"చెబుతా."

"నేను వీడియో తీస్తుంటే బేరం గట్టిగా చెయ్యకూడదు."

"గుసగుసగా చేస్తా."

"సరేలే. నీ కోసం ఒప్పుకుంటున్నా," అని అక్క బరువుగా నిట్టూర్చి షట్టరు ఎత్తింది. తను అడగబోయిన దానం ఎదుటివాడు అడుక్కుని ఇస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

అరలో ఫోన్లు మళ్ళీ వరస కట్టాయి. బ్యాటరీ పరీక్షకి ఇప్పుడు ఫోనులోనే ఉన్న గడియారం బొమ్మ నడుస్తోంది. వేలి పరీక్షకి కాలిక్యులేటరు మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా నొక్కుతోంది. వెనక్కొచ్చిన మొదటి వారంలోనే మాస్టారి ఇంటికి స్వయంగా వెళ్ళి, వాళ్ళావిడ ముందు గాజుల చెయ్యి చాపి, "ఇదేనమ్మా, నాదే, తప్పయింది" అని చెప్పొచ్చింది. ఆవిడ కాఫీ ఇచ్చి, తన ఫోనులో సొంతంగా సబ్‌స్క్రైబ్ చేసింది.

ఒకనాడు తీరిక దొరికి అక్క పాత గ్రాఫు మళ్ళీ తెరిచింది. నేల మీద పడ్డ ఆ ఆదివారాలని దగ్గరగా లాగి చూస్తే, అక్కడ గీత నేలకి అంటుకుని లేదు. వెంట్రుకవాసి పైన ఉంది. ఇరవై, ముప్పై మంది. అరలో ఫోన్లన్నీ చీకట్లో నిద్రపోతున్నప్పుడు ఎవరో నిజం మనుషులు గంటన్నర వీడియో తెరిచి, కావలసిన ముక్క చూసుకుని వెళ్తున్నారు. కింద ఒక ఆవిడ రాసింది: "ఆదివారం, షాపులన్నీ మూసి ఉన్నాయి, మీ వీడియో చూసి నేనే విప్పి బిగించాను." అక్క ఆ వాక్యం రెండుసార్లు చదివింది. నిజంగా తన దగ్గరికి వచ్చినవాళ్ళు ఆ రోజే వచ్చారు, తను ఇన్నాళ్ళూ సున్నా అనుకున్న రోజు. ఆ వారం నుంచి ఒక్కో పనికి ఒక్కో చిన్న వీడియో తీసి పెడుతోంది. నాలుగు వేలు ఎప్పుడు నిండుతాయని చిట్టిని అడిగితే, ఏడాది దాటిన గంటలు వెనకనుంచి రాలిపోతుంటాయి కాబట్టి ఆగకుండా పెట్టాలంది, నిండినా మట్టి ఖర్చుకే అంది. "నాకు మట్టి అక్కర్లేదు, స్క్రూలు కొనుక్కుంటా," అంది అక్క.

ఇదంతా చల్లబడిందనుకుంటుండగా ఒకరోజు కవర్ల తమ్ముడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, బెంచీ మీదకి వంగాడు.

"అక్కా, నేనూ ఛానెల్ పెట్టా. కవరు ఎంచుకోవడం ఎలా అని. ఎవరూ చూడ్డంలేదు. నీ అరలో ఫోన్లు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి కదా. పరీక్షలో నా వీడియో పెట్టవా?"

డిస్‌ప్లే అక్క స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"పెట్టడానికేముంది తమ్ముడూ," అంది. "కానీ వాళ్ళకి ఆదివారం సెలవు."